ఎనిమిదో సర్వర్

"ఇకపై ప్రొడక్షన్ సర్వర్ మీదికి మనలో ఎవరూ చేత్తో ఫైలు కాపీ చేయకూడదని నా ప్రతిపాదన." టెక్ లీడ్‌గా మా టీమ్‌కు రాసిన ఉత్తరాన్ని ఈ వాక్యంతో మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఇది చెబితే చాలు. మిగతావారికి కొంత వివరం కావాలి.

మీరు ఫోన్లో టికెట్టు బుక్ చేసినా, డబ్బు పంపినా, దాని వెనక ఒకే ప్రోగ్రాము చాలా కంప్యూటర్ల మీద ఏకకాలంలో నడుస్తుంటుంది. ఆ కంప్యూటర్లనే సర్వర్లంటాం. జనం నిజంగా వాడుతున్నవి ప్రొడక్షన్ సర్వర్లు. ప్రోగ్రాములో మార్పు చేసినప్పుడల్లా కొత్త కోడ్‌ను ప్రతి సర్వర్‌లోకీ చేర్చి, పాతది ఆపి, కొత్తది నడిపించాలి. ఇదే డిప్లాయ్‌మెంట్. ఎన్నో టీముల్లో ఈ పని ఇప్పటికీ ఒక మనిషి చేస్తాడు. ఎక్సెల్ షీట్లో రాసుకున్న మెట్లను ఒక్కొక్కటీ చూసుకుంటూ, వాడకం తక్కువగా ఉండే అర్ధరాత్రి వేళ కూర్చుని చేస్తాడు. అమెరికాలో అర్ధరాత్రి మనకు పగలు కాబట్టి ఈ బాధ్యత తరచూ హైదరాబాద్ టీముల మీద పడుతుంది.

ఇంత జాగ్రత్తగా చేసే పనిని మార్చడం ఎందుకని టీమ్ అడుగుతుందని తెలుసు. అందుకే ఉత్తరంలో సగం దాకా ఒకే ఒక్క ఉదంతం రాశాను. అది 2012లో అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థలో జరిగింది.

ఆ ఏడాది ఆగస్టు 1న న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ చిన్న మదుపరుల కోసం ఒక కొత్త పథకం మొదలుపెట్టింది. అందులో పాల్గొనడానికి నైట్ తన ఆర్డర్ల ప్రోగ్రాములో కొత్త కోడ్ రాసుకుంది. ఆ ప్రోగ్రాము ఎనిమిది సర్వర్ల మీద నడిచేది. జులై 27 నుంచి కొత్త కోడ్‌ను విడతలుగా వాటిలోకి ఎక్కించారు. ఆ పని చేసిన ఉద్యోగి ఏడింటిలో ఎక్కించాడు, ఎనిమిదోది మిగిలిపోయింది. రెండో మనిషి సరిచూడాలన్న లిఖిత నిబంధన అక్కడ లేదు. ఎవరూ చూడలేదు.

ఆ సర్వర్‌లో పాత కోడ్ మాత్రమే ఉంటే పెద్ద నష్టం జరిగేది కాదు. అసలు ప్రమాదం వేరే చోట ఉంది. "పవర్ పెగ్" అనే ఒక పాత పద్ధతి వాడకం 2003లోనే ఆగిపోయినా దాని కోడ్‌ను తీసేయలేదు. అది పనిచేయాలా వద్దా అని చెప్పే గుర్తును, అంటే ఫ్లాగ్‌ను, కొత్త పథకం ఆర్డర్లకు మళ్ళీ వాడుకున్నారు. ఏడు సర్వర్లు ఆ ఫ్లాగ్ చూసి కొత్త పని చేశాయి. ఎనిమిదోది అదే ఫ్లాగ్ చూసి, తొమ్మిదేళ్ళుగా వాడని పవర్ పెగ్‌ను నిద్రలేపింది. అడిగినన్ని షేర్లు దొరికాక ఆగమని చెప్పే లెక్కను 2005లో కోడ్‌లో మరో చోటికి మార్చారు, ఆ తర్వాత పవర్ పెగ్‌ను పరీక్షించలేదు. కాబట్టి అది ఆగకుండా ఆర్డర్లు పంపుతూనే పోయింది.

దాదాపు 45 నిమిషాల్లో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి. చివరికి నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది.

ఇక్కడ రెండు సంగతులు మా టీమ్ బాగా గుర్తుంచుకోవాలని రాశాను. మార్కెట్ తెరవకముందే ఆ సిస్టమ్ నుంచి 97 ఈమెయిళ్ళు వెళ్ళాయి. వాటిలో పవర్ పెగ్ ప్రస్తావన ఉంది. కానీ అవి హెచ్చరికలుగా పంపినవి కావు, వాటిని చూసి కదలాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. రెండోది ఇంకా బాధాకరం. గందరగోళం మొదలయ్యాక, తప్పు కొత్త కోడ్‌లో ఉందనుకుని సరిగా ఉన్న ఏడు సర్వర్ల నుంచి దాన్ని తీసేశారు. ఫ్లాగ్ ఉన్న ఆర్డర్లు మాత్రం వస్తూనే ఉన్నాయి. దాంతో ఆ ఏడూ ఎనిమిదోదాని దారి పట్టాయి. ఏ సర్వర్‌లో ఏముందో తెలియనప్పుడు వెనక్కి తీసుకోవడం, మా భాషలో రోల్‌బ్యాక్, కూడా ప్రమాదమే.

ఆ ఉద్యోగి అజాగ్రత్త మనిషని నేననుకోను. ఒకే పనిని ఎనిమిది చోట్ల చేత్తో చేయమంటే, ఒక చోట మిగిలిపోవడం ఎవరికైనా జరుగుతుంది. లోపం పని ఏర్పాటులో ఉంది. మా టీమ్‌లో రేపు ఇలాంటిది జరిగితే దాన్ని ఒక మనిషి మీద వేయకూడదనే నేను ఈ ఉత్తరం రాశాను.

అడిగిన మార్పు ఇది. కోడ్‌ను ఒక్కసారే బిల్డ్ చేయాలి, అంటే నడవగల రూపంలోకి మార్చాలి. టెస్టింగ్‌లో నెగ్గిన ఆ ఫైలే, మళ్ళీ తయారు చేయకుండా, ప్రొడక్షన్ దాకా వెళ్ళాలి. ఎక్కించే పని ఒక స్క్రిప్టు చేస్తుంది. ముందు ఒక్క సర్వర్‌లో పెట్టి, పదిహేను నిమిషాలు తప్పుల సంఖ్య చూస్తుంది. పెరిగితే కోడ్‌నూ దానితో వెళ్ళిన సెట్టింగులనూ, ఫ్లాగులతో సహా, కలిపి వెనక్కి తీసుకుంటుంది. పెరగకపోతే మిగతావాటికి వెళ్తుంది. చివర్లో ప్రతి సర్వర్‌లోని ఫైలుకూ వేలిముద్రలాంటి సంఖ్య తీసి, అన్నీ ఒకటేనా అని పోల్చుతుంది. ఈ చివరి మెట్టుకు కావలసింది ఇంతే:

```
for n in 1 2 3 4 5 6 7 8; do
  ssh app$n sha256sum /opt/app/app.jar
done
```

ఎనిమిది వరుసల్లో ఒకటి తేడాగా కనిపించినా రిలీజ్ పూర్తి కానట్టే. నైట్‌లో ఇలాంటి పోలిక ఒకటి జరిగి ఉంటే, మార్కెట్ తెరవకముందే ఎనిమిదో సర్వర్ బయటపడేది.

ఆటోమేషన్ వస్తే తప్పులుండవని మాత్రం నేను రాయలేదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక అప్‌డేట్ సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. అది పూర్తిగా ఆటోమేటిక్‌గానే వెళ్ళింది. విడతలుగా కాకుండా అందరికీ ఒకేసారి వెళ్ళింది. 78 నిమిషాల్లో దాన్ని వెనక్కి తీసుకున్నా, పడిపోయిన యంత్రాలను ఎన్నో చోట్ల మనుషులు ఒక్కొక్కటిగా బాగుచేయాల్సి వచ్చింది. అందుకే మా ప్రతిపాదనలో ముందు ఒక్క సర్వర్‌లో పెట్టి చూసే మెట్టు ఎప్పటికీ తీసేయకూడదు, పని ఎంత తొందరగా ఉన్నా సరే.

స్క్రిప్టు వెనక్కి తీసుకోలేనిది మరొకటుంది, డేటాబేస్. అందులో ఒక కాలమ్ చెరిపేస్తే పాత కోడ్‌ను తిరిగి పెట్టినా ఆ సమాచారం తిరిగి రాదు. కాబట్టి ఒక రిలీజ్‌లో కొత్త కాలమ్‌ను చేర్చడం మాత్రమే చేద్దామని, పాతదాన్ని ఎవరూ వాడడం లేదని తేలాకే మరో రిలీజ్‌లో తీసేద్దామని రాశాను. పనికిరాని పాత కోడ్‌కూ ఇదే నియమం. వాడకం ఆగిన కోడ్‌ను తీసేయాలి, దాని ఫ్లాగ్ పేరును ఇంకో పనికి వాడకూడదు.

కొత్త కోడ్ ఎప్పుడు వెళ్ళాలో మనుషులే నిర్ణయిస్తారు. ఆగమనే అధికారం మా టీమ్‌లో కొత్తగా చేరినవారికి కూడా ఉంటుంది. రిలీజ్ చేసే మనిషికి పని పోతుందన్న భయం అక్కర్లేదు. ఎక్సెల్ షీట్లో ఉన్న మెట్లన్నీ, షీట్లో లేకుండా అతని తలలో మాత్రమే ఉన్నవి కూడా, స్క్రిప్టులోకి రావాలంటే అది రాయాల్సింది అతనే.

మీ టీమ్‌లో ఇంకా చేత్తోనే రిలీజ్‌లు నడుస్తుంటే, మొత్తం మార్చడానికి అనుమతులు వచ్చేదాకా ఆగకండి. పైన ఇచ్చిన మూడు వరుసల్లో మీ సర్వర్ల పేర్లూ ఫైలు పేరూ పెట్టి, వచ్చే రిలీజ్ అయిన వెంటనే ఒకసారి నడిపి చూడండి.