తెలుగు నుంచి మరాఠీకి: రచయితను ఎప్పుడు అడగాలి?

మన భవాని పేట్ పెద్దల జ్ఞాపకాలు తెలుగులో రాసి పంపేవారు ఇప్పటికీ ఉన్నారు. మరాఠీ బడుల్లో చదివిన పిల్లలు వాటిని చదవాలంటే మరాఠీలోకి మార్చాలి. ఈ పనికి కొత్తగా వస్తున్న యువతీ యువకుల కోసం, ఏ వాక్యం దగ్గర ఆగి రచయితను అడగాలో ఇక్కడ చెబుతున్నాం.

ఉదాహరణకు ఈ మూడు వాక్యాలు చూడండి: "నేను సోలాపూర్‌కు వచ్చాను. వారు మగ్గం మీద కూర్చున్నారు. నేను కండెలు చుట్టాను."

తెలుగులో "వచ్చాను" అని ఆడవారైనా మగవారైనా ఒకేలా అంటారు. మరాఠీలో మగవారైతే "మీ ఆలో", ఆడవారైతే "మీ ఆలే". ఏదో ఒకటి రాయక తప్పదు. కింద కొడుకు సంతకం ఉంది కదా అని "ఆలో" రాస్తే పొరపాటు కావచ్చు. తల్లి చెబుతుంటే కొడుకు రాసిపెట్టి ఉండవచ్చు. అప్పుడు ఆమె కష్టం మరాఠీలో కొడుకు ఖాతాలోకి పోతుంది.

రెండో వాక్యంలో "వారు" ఎవరు? భర్తా, మామగారా, అత్తగారా, కార్ఖానా యజమానా? ఒక్కరా, పలువురా? మరాఠీలో "తే బసలే" కూడా గౌరవంగా ఒక్కరికీ, పలువురికీ సరిపోతుంది. కాబట్టి ఎందరో తేలకపోయినా అనువాదం ఆగదు. కానీ ఆడవారైతే "త్యా బసల్యా" అనాలి. అది మాత్రం తెలియాలి.

మూడో వాక్యానికి ప్రశ్నే అక్కర్లేదు. "మీ కాండ్యా భరల్యా" అన్నప్పుడు క్రియ కండెలను బట్టి మారుతుంది, చుట్టినవారిని బట్టి కాదు. "మేము", "మనం" దగ్గర కూడా చిక్కు లేదు. వాటికి మరాఠీలో "ఆమ్హీ", "ఆపణ్" ఉన్నాయి.

అడిగే ముందు వ్యాసమంతా ఒకసారి చదవండి. ఎక్కడో ఒకచోట "చుట్టేదాన్ని" అనో "చుట్టేవాణ్ని" అనో కనిపిస్తే, ఆ మాట అన్నదీ "వచ్చాను" అన్నదీ ఒక్కరేనని చూసుకోండి. ఒక్కరే అయితే జవాబు దొరికినట్టే.

దొరక్కపోతే "ఇక్కడ లింగం ఏది?" అని అడగవద్దు. పెద్దలకు ఆ ప్రశ్న అర్థం కాదు. వాక్యం చదివి వినిపించి, "ఈ మాట మీదా, అమ్మగారిదా? మగ్గం మీద కూర్చున్నది ఎవరండీ?" అనండి. అనుమానాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని ఒకేసారి వెళ్లండి. జవాబును ఆ వాక్యం పక్కనే రాసుకోండి.

రాసినవారు ఇప్పుడు లేకపోతే ఇంటివారిని అడగండి. వారికీ తెలియకపోతే ఊహించి రాయవద్దు. "మాఝం సోలాపూర్‌లా యేణం ఝాలం", అంటే "నా రాక జరిగింది" అని తిప్పి రాస్తే ఆడా మగా తేల్చనవసరం లేదు. వాక్యం కాస్త బిగుసుకుంటుంది. అయినా ఒకరి మాట మరొకరిది కాకుండా ఉంటుంది.