యాభై దగ్గరే ఎందుకు విడదీయాలి?

సూరత్ శివార్లలోని సచిన్, పాండేసరా పారిశ్రామికవాడల్లో రంగుల కర్మాగారాలు చాలా ఉన్నాయి. నూలు బట్టకు వేసే రియాక్టివ్ రంగుల్లో ఒక రకానికి సయన్యూరిక్ క్లోరైడ్ మూలం. దానికి మొదటి అణువును 0–5 డిగ్రీల దగ్గర తగిలిస్తారు, రెండోదాన్ని సుమారు 40–45 డిగ్రీల దగ్గర. రెండో దశలో వేడి హద్దు మీరితే, బట్టతో బంధం కోసం మిగలాల్సిన క్లోరిన్ స్థానంలోకి నీరు చేరిపోతుంది. ఇక ఆ రంగు బట్టను పట్టుకోదు, ఉతికితే కాలువ పాలవుతుంది.

అందుకే 42 డిగ్రీల దగ్గర నిలపాలనుకుందాం. రియాక్టరు జాకెట్‌లో పంపుతో నీరు తిరుగుతూ ఉంటుంది. ఆ నీటిని వేడి చేయడానికి ఆవిరి వాల్వు ఒకటి, చల్లబరచడానికి చల్లనీటి వాల్వు ఒకటి. రెండింటినీ నడిపేది ఒకే కంట్రోలరు. దాని అవుట్‌పుట్ 0 దగ్గర ఉంటే చల్లనీటి వాల్వు పూర్తిగా తెరిచి ఉంటుంది, 50కి వచ్చేసరికి మూసుకుంటుంది. అక్కడి నుంచి ఆవిరి వాల్వు తెరుచుకుంటూ 100కి పూర్తిగా తెరుచుకుంటుంది. వాల్వులను నడిపే గాలి ఆగిపోతే ఆవిరి మూసుకుని చల్లనీరు తెరుచుకునేలా వాటి స్ప్రింగులను ఎంచుకుంటారు.

చిక్కు ఆ 50లోనే ఉంది. 3 బార్ గేజి పీడనంలో ఆవిరి దాదాపు 143 డిగ్రీలుంటుంది, అంటే మనకు కావలసిన వేడికన్నా 100 డిగ్రీలు ఎక్కువ. మే నెలలో కూలింగ్ టవర్ నీరు 32 డిగ్రీలుంటే, చల్లబరచడానికి దొరికే తేడా 10 డిగ్రీలే. ఒక శాతం కదలికకు ఆవిరి చూపే దెబ్బ చల్లనీటికన్నా ఎన్నో రెట్లు పెద్దది. చల్లబరిచే వైపుకు సరిపోయేలా ట్యూన్ చేస్తే ఆవిరి వైపు ఉష్ణోగ్రత ఊగుతుంది. ఆవిరికి సరిపెడితే రసాయన చర్య వేడి పుట్టించేటప్పుడు చల్లనీరు ఆలస్యంగా అందుకుంటుంది.

ముందుగా ఆవిరి వాల్వును చిన్నది వేయాలి. దానితో తేడా మూడు రెట్లకు దిగిందనుకోండి, అప్పుడు విడదీసే చోటును 25కి జరపాలి: చల్లనీటికి 0–25, ఆవిరికి 25–100. బలమైన వాల్వుకు మూడింతల నిడివి దక్కింది కాబట్టి ఒక్కో శాతానికి రెండు వైపులా దాదాపు ఒకే ఫలితం వస్తుంది. చలికాలంలో టవర్ నీరు 24 డిగ్రీలకు దిగితే చల్లబరిచే తేడా 18 డిగ్రీలవుతుంది, ఈ లెక్క మళ్ళీ చూసుకోవాలి.

విడదీసే చోట రెండు వాల్వులూ మూసుకుని ఉండే చిన్న విరామం ఉంచడం మంచిది, లేకపోతే ఆవిరీ చల్లనీరూ ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. ఆ విరామం మరీ వెడల్పైతే కంట్రోలరు దాన్ని దాటేలోపు ఉష్ణోగ్రత జారిపోయి, చార్టులో నిదానమైన అలలు కనిపిస్తాయి.

చర్య ముగిసి, వేడి పుట్టడం ఆగాక కూడా అవుట్‌పుట్ 25కి దిగువనే ఉంటే ఆవిరి వాల్వు పాస్ అవుతోందేమో చూడాలి. ఆవిరి లైనులోని చేతి వాల్వును మూయగానే అవుట్‌పుట్ పైకి కదిలితే అనుమానం నిజమే. వాల్వు విప్పి సీటు చూడాల్సిందే.