కొన్నవాడే రాసే బిల్లు

సరుకు అమ్మినవాడు బిల్లు పంపడం, కొన్నవాడు చూసుకుని డబ్బు కట్టడం మామూలు వ్యాపారం. సెల్ఫ్ బిల్లింగ్‌లో మాత్రం అమ్మినవాడి తరఫున ఆ బిల్లును కొన్నవాడే తయారు చేస్తాడు. ఎంత ఇవ్వాలన్న లెక్క కొన్నవాడి దగ్గరే తేలే చోట ఇది పనికొస్తుంది. ఎన్ని ప్రతులు అమ్ముడయ్యాయో ప్రచురణకర్తకే తెలుసు కాబట్టి, బ్రిటన్‌లో రచయిత రాయల్టీ బిల్లును చాలాసార్లు ప్రచురణ సంస్థే రాస్తుంది. కార్ల ఫ్యాక్టరీలకు రోజూ విడిభాగాలు చేరవేసేవారికీ ఇదే పద్ధతి నడుస్తుంది.

బ్రిటన్ వ్యాట్ నిబంధనల ప్రకారం దీనికి ఇద్దరి మధ్య ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఆ సరుకుకు తాను వేరే బిల్లు ఇవ్వనని సరఫరాదారు అందులో ఒప్పుకోవాలి. అతని వ్యాట్ నమోదు రద్దయితే ఆ తర్వాత అతని పేరున వ్యాట్ బిల్లు రాయకూడదు. రాసినా కొన్నవాడు ఆ పన్నును తిరిగి రాబట్టుకోలేడు. అందుకే నమోదు సంఖ్య ఇంకా చెల్లుతోందో లేదో మధ్యమధ్యలో సరిచూడాలి.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. మామూలుగా అకౌంట్స్ విభాగం ఆర్డరును, సరుకు అందిన రశీదును, సరఫరాదారు బిల్లును పక్కపక్కన పెట్టి చూస్తుంది. ఈ మూడింటిలో బయటి మనిషి రాసింది బిల్లు ఒక్కటే. సెల్ఫ్ బిల్లింగ్‌లో అదే లేకుండా పోతుంది. కంప్యూటర్‌లో ఉన్న ధరను, గోదాములో నమోదైన సంఖ్యను గుణించి బిల్లు పుడుతుంది. ఆ రెండింటిలో ఏది తప్పయినా బిల్లు చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది.

ఒక ఫ్యాక్టరీ వారానికి 1,000 భాగాలు, ఒక్కోటి 10 పౌండ్లకు కొంటోందనుకుందాం. ఏప్రిల్ 1 నుంచి ధర 9.50కి తగ్గింది, కానీ కంప్యూటర్‌లో పాత ధర ఎవరూ మార్చలేదు. వారానికి 500 పౌండ్లు అదనంగా పోతాయి. 13 వారాలకు 6,500, దానిపై 20 శాతం వ్యాట్ వేరు. అదే గోదాములో 20 భాగాలు లెక్క తప్పి 200 పౌండ్లు తక్కువ పడితే, సరఫరాదారు డెలివరీ చీటీలు పట్టుకుని వెంటనే ఫోన్ చేస్తాడు. తక్కువ పడితే గొడవ, ఎక్కువ పడితే మౌనం. కాబట్టి ఫిర్యాదులు రావడం లేదంటే లెక్క సరిగ్గా ఉందని అర్థం కాదు.

ఈ మౌనం వెనక మోసమూ దాగవచ్చు. ధర మార్చే అధికారం, సరుకు అందినట్టు నమోదు చేసే అధికారం ఒక్కరి చేతిలోనే ఉంటే రాని సరుకుకూ బిల్లు పుట్టించవచ్చు. ఆ రెండు పనులూ వేర్వేరు మనుషులకు ఇవ్వాలి. నెలనెలా ధరల మార్పుల జాబితాను మూడో మనిషి ఒప్పందం కాగితాలతో పోల్చాలి. సరఫరాదారు పాత అలవాటుతో పంపిన బిల్లుకు రెండోసారి డబ్బు వెళ్లకుండా, అతని ఖాతాలో మామూలు బిల్లుల నమోదును ఆపేయాలి.

సరఫరాదారు కూడా వచ్చిన ప్రతి బిల్లునూ తన డెలివరీ చీటీలతో సరిచూసుకోవాలి. బిల్లు రాసింది కొనుగోలుదారే అయినా, అందులోని వ్యాట్‌ను ప్రభుత్వానికి కట్టాల్సింది సరఫరాదారే.