ఆటో డ్రైవర్ మనకు 'అన్న' ఎలా అయ్యాడు?

'అన్నా, బస్టాండుకి వస్తావా?' అని ఆటో డ్రైవర్‌ని అడుగుతాం. పేరు తెలియదు, 'ఏయ్' అంటే మర్యాద కాదు. అందుకే వయసు చూసి వరస కలుపుతాం. అన్న, అక్క అంటే మనకన్నా కాస్త పెద్దవాళ్లు, తోబుట్టువుల్లాంటివాళ్లు. ఆ వరసలో పెళ్లి మాట ఉండదు కాబట్టి కొత్తవాళ్లతోనూ ఇబ్బంది లేదు.

'మావ' దారి వేరు. మేనమామ, పిల్లనిచ్చిన మామ ఇద్దరిదీ ఆ వరసే. మేనమామ పిల్లలు బావామరదళ్లవుతారు, వాళ్లతో వేళాకోళం చెల్లుతుంది. ఆ చనువుతోనే కుర్రాళ్లు 'ఏరా మావా' అనుకుంటారు. ఊళ్లో పెద్దాయన్ని 'మావయ్యా' అంటే గౌరవమే. ముక్కూమొహం తెలియనివాణ్ని 'ఏం మావా' అంటే మాత్రం వెటకారం. ఏమని పిలవాలో తోచకపోతే 'అన్నా', 'అక్కా' అనండి.