పది గంటలు దాటిన బండి

వీధిలో ఆగిపోయిన బండిని "వదిలేసిన బండి" అని ఎప్పుడు అనాలి? టైర్లలో గాలి పోయి, కింద గడ్డి మొలిచి, అద్దం మీద పిల్లలు వేలితో పేర్లు రాసేదాకా మనం ఆగుతాం. చట్టం అంతసేపు ఆగదు. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం బహిరంగ స్థలంలో పది గంటలు, ఆపైన ఎవరూ పట్టించుకోకుండా ఉన్న బండిని టోయింగ్ చేయించే అధికారం ఉంది. దారికి అడ్డంగానో, ప్రమాదంగానో ఉంటే పది గంటలు కూడా అక్కర్లేదు, వెంటనే తీయించొచ్చు. ఖర్చు ఓనరు కట్టుకోవాలి.

ఇక్కడ ఒక మాట చాలామంది గమనించరు. ఆ అధికారం ఇచ్చింది ఆ ఏరియా యూనిఫాం పోలీసు అధికారికి. వీధి మాత్రం కార్పొరేషన్‌ది. చెత్త తీయాలన్నా, కాలవ బాగు చేయాలన్నా బండి అడ్డం వచ్చేది వాళ్లకే. కాబట్టి ఒక్కచోట చెప్పి ఊరుకుంటే పని సగంలో ఆగే అవకాశం ఎక్కువ. చెన్నైలో కార్పొరేషన్‌కి 1913కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. ఆ నంబరు రాసిన కాగితం ఒకటి మన ఏరియా ట్రాఫిక్ పోలీసులకీ ఇవ్వాలి. ఎవరైనా ఇవ్వొచ్చు. సొంతిల్లు ఉండక్కర్లేదు, అద్దెకున్నవాళ్లయినా, హాస్టల్ అమ్మాయి అయినా సరే.

మా వీధి మలుపులో ఒక పాత వ్యాన్ ఏడాదికి పైగా ఉండేది. చెత్త తీసుకెళ్లే బ్యాటరీ బండి అక్కడ తిరగలేక వెనక్కి వెళ్లిపోయేది. వాన పడితే వ్యాన్ పైనున్న చిల్లు తొట్టిలో నీళ్లు నిలిచి దోమలు. "ఎవరి బండో ఏమో, మనకెందుకమ్మా" అన్నారు ఎదురింటి తాత. మా అమ్మకి ఆ "ఎవరి బండో" అన్న మాటే పట్టుకుంది.

నంబరు ప్లేటు ఉంది కదా అని mParivahan లో వెతికాను. ఇన్సూరెన్స్ ఎప్పుడో అయిపోయిందని కనిపించింది. ఓనరు పేరు మాత్రం మధ్యలో చుక్కలతో దాచేసి ఉంటుంది, ఫోన్ నంబరు అసలు ఉండదు. అది మన మంచికే, లేకపోతే ఆడపిల్ల స్కూటీ నంబరు చూసి ఎవడైనా ఫోన్ చేస్తాడు! పూర్తి వివరాలు తీయాల్సింది పోలీసులే. అందుకే కాగితంలో మేం రాసినవి ఇవి: ప్లేటు నంబరు, రంగు, ఏ ఇంటి ముందు, ఎన్నాళ్లుగా, ఏ పనికి అడ్డం. నెల తేడాతో తీసిన రెండు ఫోటోలు జత చేశాం. రెండింట్లోనూ చక్రం అదే చోట ఉండటమే మా సాక్ష్యం. నాన్న తమిళంలో రాశారు, అమ్మ అడ్రసు సరిచూసింది.

కొన్నాళ్లకి అద్దం మీద నోటీసు అంటించారు. రికార్డులో ఉన్న మనిషికి ఫోన్ వెళ్తే ఆయన "నేను అమ్మేసి చాలా ఏళ్లయింది" అన్నాడట. ఇలాంటి బండ్లు తేలకపోవడానికి ముఖ్య కారణం ఇదే. డబ్బు చేతికొచ్చాక పేరు మార్పిడి ఎవరూ పట్టించుకోరు. కానీ అమ్మినవాడు అదే రాష్ట్రంలో అయితే పద్నాలుగు రోజుల్లో ఆర్టీఓకి తెలియజేయాలి. తెలియజేయకపోతే చట్టం కంటికి ఓనరు ఆయనే, టోయింగ్ బిల్లు కూడా ఆయనకే వస్తుంది. ఆ మాట చెవిన పడగానే ఆయనే కొన్నవాణ్ణి వెతికి పట్టుకొచ్చాడు. ఒక ఆదివారం వ్యాన్‌ని తాడు కట్టి లాక్కెళ్లారు.

ఎవరూ రాకపోతే? బండి యార్డుకి వెళ్తుంది, కానీ వెంటనే తుక్కు కాదు. పోలీసులు స్వాధీనం చేసుకున్నదానికి హక్కుదారు తెలియకపోతే మేజిస్ట్రేట్ ప్రకటన ఇస్తారు. ఆరు నెలల్లో ఎవరైనా వచ్చి హక్కు చూపించుకోవచ్చు. ఆ గడువు తర్వాతే వేలం. అది దొంగిలించిన బండి అయ్యుండొచ్చు, పోగొట్టుకున్నవాళ్లు ఇంకా వెతుకుతూ ఉండొచ్చు. అందుకే ఈ ఆలస్యం నాకు అన్యాయం అనిపించలేదు. వేలం తర్వాత తుక్కు చేయాలంటే రిజిస్టర్డ్ స్క్రాపింగ్ కేంద్రానికే పంపాలి, అక్కడ సర్టిఫికెట్ ఇస్తారు. మూల మీది పాత ఇనుప సామాను కొట్టుకి అమ్మితే రికార్డులో ఆ బండి బతికే ఉంటుంది.

ఈ దారి పనిచేయని చోట్లు కూడా ఉన్నాయి. 127వ సెక్షన్ బహిరంగ స్థలానికే. అపార్ట్‌మెంట్ గేటు లోపల దుమ్ము పట్టిన కారు గొడవ అసోసియేషన్ తేల్చుకోవాలి. పోలీస్ స్టేషన్ బయట వరుసగా తుప్పు పడుతుంటాయే, వాటిలో చాలావరకు కేసుల్లో పట్టుకున్నవి. వాటిని కదిలించాలంటే కోర్టు ఆర్డరు కావాలి. అలాంటి బండ్లని ఏళ్ల తరబడి స్టేషన్లో ఉంచొద్దనీ, ఫోటోలు, పంచనామా తీసి త్వరగా తేల్చమనీ సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది.