పాత పెర్ల్ ప్రోగ్రామ్‌కు అతుకు చాలా?

ఏజెంట్ల కమిషన్ లెక్క తీసే ఒక పెర్ల్ ప్రోగ్రామ్ ఉందనుకుందాం. వెయ్యి లైన్లు. రాసినాయన ఉద్యోగం మానేసి ఏళ్లయింది, ఎక్కడా ఒక్క ముక్క వివరణ రాసి పెట్టలేదు. అయినా ఒకటో తారీఖుకల్లా రిపోర్టు వస్తూనే ఉంది.

సెంట్ఓఎస్ 7కి మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది కాబట్టి సర్వర్ మార్చారు. పెర్ల్ 5.16 పోయి 5.26 వచ్చింది. ఆ నెల మొత్తాలు సరిగ్గానే ఉన్నాయి గానీ ఏజెంట్ల వరుస తారుమారైంది. మళ్లీ నడిపితే ఇంకో వరుస. అకౌంట్స్ గుమాస్తా ఎప్పట్లాగే అంకెల కాలమ్ ఒక్కటే తీసి పాత షీటులో పేర్ల పక్కన అతికించాడు. ఒకరి డబ్బు మరొకరి ఖాతాకు వెళ్లబోయింది.

ఏజెంటు పేరు, అతని మొత్తం కలిపి దాచుకునే హాష్‌కు వరుస అంటూ ఏదీ లేదు. పాత వెర్షన్లలో అవే పేర్లు అదే క్రమంలో చేరితే సాధారణంగా అదే వరుస వచ్చేది, అందరూ దాన్నే నమ్ముకున్నారు. 2013లో వచ్చిన 5.18 నుంచి భద్రత కోసం నడిపిన ప్రతిసారీ దాన్ని కలిపేస్తున్నారు. విరుగుడు ఒక్క మాట, `sort`:

```perl
for my $agent (sort keys %total) {
```

దీంతో వరుస నిలకడగా ఉంటుంది. అయితే అది అక్షరక్రమం, పాత వరుస కాదు. ఆ సంగతి గుమాస్తాకు ముందే చెప్పాలి. పాత సర్వర్ తీసేయకముందే పన్నెండు నెలల డేటాను రెండింటిలోనూ నడిపి, ఫలితాలను సర్ది పోల్చాలి:

```
diff <(sort old.txt) <(sort new.txt)
```

ఏమీ కనిపించకపోతే మారింది వరుస ఒక్కటే అన్నమాట.

"ఈ చెత్తంతా తీసేసి పైథాన్‌లో రాసేద్దాం" అనే కుర్రాడు ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. ఒకప్పుడు నేనూ ఆ కుర్రాణ్నే. ఈ ప్రోగ్రామ్‌లో రూపాయికి సవరించే చోట `int($x + 0.5)` అని ఉంది. రూ. 2.50 ఉంటే 3 అవుతుంది. పైథాన్‌లో దానికి బదులు `round(x)` అని రాస్తే 2 వస్తుంది, ఎందుకంటే సరిగ్గా సగం దగ్గర అది సరిసంఖ్య వైపు వెళుతుంది. తేడా రూపాయే, కానీ ఆ రూపాయి కోసం ఏజెంటు ఫోన్ చేస్తాడు. ఇలాంటి నియమాలు ఇంకెన్ని ఉన్నాయో చెప్పే కాగితం లేదు. ఆ వెయ్యి లైన్లే కాగితం.

అందుకని ఈసారికి అతుకే నా ఓటు. కమిషన్ నియమాలు రెండు మూడు నెలలకోసారి మారుతూ, ప్రతి మార్పూ ఇంకోచోట ఏదో చెడగొడుతుంటే మాత్రం కొత్తగా రాయాల్సిందే. అప్పుడు కూడా దాచిన పన్నెండు ఫలితాలే కొలబద్ద. కొన్ని నెలలు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపాలి, తేడా వచ్చిన ప్రతి లైనుకూ కారణం దొరకాలి. కొన్నిసార్లు పాతదే ఏళ్ల తరబడి తప్పు లెక్క వేసిందని తేలుతుంది. దాన్ని సరిదిద్దాలా, అలాగే ఉంచాలా అన్నది ప్రోగ్రామర్ కాదు, అకౌంట్స్ వాళ్లు తేల్చాలి.