సెల్ఫీలో కళ్లజోడు ముక్కు మీద నిలవాలంటే

సెల్ఫీ దిగి, నచ్చిన ఫ్రేమ్ ముఖానికి పెట్టి చూసుకునే వీలు ఇప్పుడు కళ్లజోళ్లు అమ్మే యాప్‌లలో కనిపిస్తోంది. కళ్ల మీద ఫ్రేమ్ బొమ్మ అతికించడం తేలికే. అది ముక్కు మీద ఆనినట్టు కనిపించేలా చేయడమే కష్టం.

మొదటి చిక్కు కొలత. ఫ్రేమ్ కాడ లోపలివైపు 52-18-140 లాంటి అంకెలుంటాయి. ఒక్కో అద్దం వెడల్పు, ముక్కు దగ్గర రెండు అద్దాల మధ్య ఎడం, కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలో. ఫోటోలో మిల్లీమీటర్లు ఎక్కడివి? అందుకే కొన్ని పద్ధతులు కంటి నల్లగుడ్డును కొలబద్దగా వాడతాయి. దాని వెడల్పు దాదాపు అందరిలోనూ 11.7 మి.మీ. దగ్గర ఉంటుంది. సెల్ఫీలో అది 26 పిక్సెళ్లు వస్తే, ఒక్కో పిక్సెల్ 0.45 మి.మీ. అన్నమాట. రెండు అద్దాలూ మధ్య ఎడమూ కలిపి 122 మి.మీ. కాబట్టి ఆ మేరకు ఫ్రేమ్‌ను సుమారు 271 పిక్సెళ్ల వెడల్పున గీయాలి. అయితే నల్లగుడ్డు మనిషికీ మనిషికీ అర మిల్లీమీటరు అటూ ఇటూ అవుతుంది. ఆ కాస్త తేడాకే ఇక్కడ 5 మి.మీ. తప్పు రావచ్చు.

ఇక ముక్కు. నిజమైన కళ్లజోడు కంటి ఎత్తు చూసి ఆగదు. ముక్కు దూలం మీదుగా దిగుతూ, ముక్కు వెడల్పు ఎక్కడ అడ్డుకుంటే అక్కడ ఆగుతుంది. మంచి సాఫ్ట్‌వేర్ కూడా అలాగే చేయాలి. గూగుల్ మీడియాపైప్ లాంటి పరికరం ముఖం మీద 468 బిందువులు గుర్తించి వలలా అల్లుతుంది. ఫ్రేమ్‌ను ఆ వల మీద పైనుంచి దించి, తగిలిన చోట ఆపాలి. దూలం అణిగి ఉన్నవాళ్లకు అది కిందికి జారుతుంది, నవ్వితే బుగ్గలకు తగులుతుంది. ఎదురుగా తీసిన సెల్ఫీలో దూలం ఎత్తు సరిగ్గా తెలియదు. ఆ లోటును సాఫ్ట్‌వేర్ సగటు ముఖంతో పూడ్చేస్తే ఏ ఫ్రేమైనా అందరికీ సరిపోయినట్టే ఉంటుంది! అమెరికా సంస్థ వార్బీ పార్కర్ 2019లో ఐఫోన్ లోతు కెమెరాను వాడుకున్నది ఈ ఇబ్బంది తగ్గించడానికే. ప్లాస్టిక్ ఫ్రేమ్ కొనేవాళ్లు తల పక్కకు తిప్పి చూడడం చాలా అవసరం. మెటల్ ఫ్రేమ్ నోస్ ప్యాడ్లను షాపులో వంచి సరిచేస్తారు కానీ, ప్లాస్టిక్‌లో చాలావాటికి ఆ వీలుండదు.

అద్దం మెరుపు కూడా నిజం చెప్పాలి. కోటింగ్ లేని మామూలు అద్దం ఒక్కో వైపు సుమారు 4 శాతం వెలుగును వెనక్కి పంపుతుంది. కోటింగ్ ఉంటే అది బాగా తగ్గి, లేత ఆకుపచ్చ లేదా నీలి ఛాయ మాత్రం మిగులుతుంది. బుగ్గ మీద వెలుగు ఎడమ కిటికీ నుంచి పడుతుంటే అద్దంలోనూ ఆ కిటికీయే మెరవాలి. తల తిప్పినా మెరుపు కదలకపోతే అది అతికించిన మచ్చే.

పవర్ సంగతి వేరు. మైనస్ 6 అద్దం వెనక కళ్లు చిన్నవిగా కనిపిస్తాయి, ముఖం అంచు లోపలికి జరిగినట్టుంటుంది. ప్రివ్యూలో పవర్ లేని అద్దం గీస్తే ఆ తేడా కళ్లజోడు చేతికొచ్చాకే తెలుస్తుంది.